మామూలు కాల్‌లో మాట వెళ్తుంది, స్పీకర్ ఆన్ చేస్తే వెళ్లదు: పై మైకు కేసు ఒకటి

కడపలో ఏడురోడ్ల దగ్గర మాది మొబైల్ రిపేరు షాపు. మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి కువైట్‌కు పోయినవాళ్లు ఎక్కువ. భర్త అక్కడ, భార్యాపిల్లలు ఇక్కడ. అందుకే ఫోన్‌లో వీడియో కాల్ పనిచేయకపోతే అది చిన్న రిపేరు కాదు, ఇంట్లో పెద్ద గొడవే. ఈ కేసు కూడా అట్లాంటిదే. ఒంటిమిట్ట వైపు ఊరి నుంచి ఒక చెల్లెలు, వాళ్ల మామతో కలిసి వచ్చింది. ఫోన్ షావోమీ రకం, రెండేళ్ల నాటిది, ప్లాస్టిక్ బ్యాక్.

"అన్నా, మామూలు కాల్ చేస్తే అందరికీ బాగా ఇనపడతాది. ఆయప్పతో వీడియో కాల్ చేస్తే మాత్రం నా మాటే పోదు. నోరు ఆడతాంది గానీ మాట ఇనపడల్యా అంటాడు" అని చెప్పింది. ఆ మాటకు మామ ఇంకోటి కలిపాడు. "ఇంగో షాపులో మైకు మార్పించినాం నాయనా. ఆరు వందలు తీసుకున్నాడు. అయినా అంతే."

మైకు మార్చారు, అయినా తేడా లేదు. ఇలాంటి ఫోన్ చేతికి వచ్చినప్పుడు నేను ముందు అడిగే మాట ఒకటే: ఏ మైకు మార్చారు? ఎందుకంటే ఫోన్‌లో మైకు ఒకటి ఉండదు. ఇప్పుడొచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువ వాటికి కనీసం రెండు. కింద చార్జింగ్ పిన్ పక్కన ఒకటి, పైన అంచున సూది మొన అంత రంధ్రం వెనకాల ఇంకొకటి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే మన నోరు కింది మైకుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అప్పుడు పని చేసేది అదే. పై మైకు ఆ సమయంలో చుట్టూ ఉన్న రొదను మాత్రమే వింటుంది, ఆ రొదను ఫోన్ మన మాటలో నుంచి తీసేస్తుంది. షాపుల్లో దాన్ని నాయిస్ మైకు అనడం అందుకే. ఆ పేరే చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. రొద తీసేసే మైకే కదా, అది పోతే బస్టాండులో మాట్లాడేటప్పుడు కొంచెం ఇబ్బంది, అంతకుమించి ఏముంటుంది అనుకుంటారు.

స్పీకర్ ఆన్ చేయగానే లెక్క తిరగబడుతుంది. చాలా ఫోన్లలో పెద్ద స్పీకర్ ఉండేది కిందే, కింది మైకు పక్కనే. అవతలివాళ్ల గొంతు ఆ స్పీకర్‌లో నుంచి గట్టిగా వస్తుంటే, పక్కనే ఉన్న మైకు దాన్నే ముందు పట్టుకుంటుంది. దాన్ని అట్లాగే పంపిస్తే అవతల మనిషికి తన గొంతు తనకే ప్రతిధ్వనిస్తుంది. అందుకని చాలా కంపెనీలు స్పీకర్ కాల్‌లోనూ వీడియో కాల్‌లోనూ స్పీకర్‌కు దూరంగా ఉన్న పై మైకునే ముందుకు తెస్తాయి, లేదా రెండింటినీ కలిపి వాడతాయి. అంటే చెవి దగ్గర కాల్‌కు తోడుగా ఉండే మైకు, వీడియో కాల్‌కు వచ్చేసరికి అసలు మైకు అయిపోతుంది. కింది మైకు బంగారంలా ఉన్నా పై మైకు చెడితే మన మాట పోదు.

అక్కడ ఆరు వందలకు మార్చింది చార్జింగ్ బోర్డు. కింది మైకు ఆ బోర్డు మీదే ఉంటుంది కాబట్టి షాపుల్లో మైకు మార్చడం అంటే చాలాసార్లు అదే. ఆ షాపతను మోసం చేశాడని నేను అనను. మైకు కంప్లైంట్ అనగానే చేయి అటే పోవడం మా పనిలో మామూలే. కానీ మామూలు కాల్ బాగుంది అని వాళ్లు చెప్పిన మాటలోనే కింది మైకు బాగుందన్న సమాధానం ఉంది. దాన్ని వినకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే జరిగిన పొరపాటు.

అయినా ఫోన్ విప్పే ముందు ఇది మైకు సమస్యేనా, యాప్ సమస్యా, నెట్ సమస్యా అని తేల్చుకోవాలి. వీడియో కాల్ అనగానే ఇంట్లోవాళ్లకు ముందు తట్టేది నెట్. ఆమె భర్త కూడా కువైట్ నెట్ ఇంతేలే అని చాన్నాళ్లు సర్దుకున్నాడట. ఇంకొకరు వాట్సాప్ తీసేసి మళ్లీ వేయమన్నారు, అదీ చేసింది. వాయిస్ మెసేజ్ పెడితే మాత్రం బాగా వినిపిస్తోంది, దాంతో అయోమయం ఇంకా పెరిగింది. వాయిస్ మెసేజ్ మామూలుగా కింది మైకుతోనే రికార్డ్ అవుతుంది, కాబట్టి అది బాగుండటంలో వింత లేదు.

నేను చేసిన పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగేదే. ఆమె ఫోన్ నుంచి నా ఫోన్‌కు వాట్సాప్ వాయిస్ కాల్ చేయించాను, వీడియో కాదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడమన్నాను. నేను షాపు బయటికి వచ్చి విన్నాను, మాట శుభ్రంగా ఉంది. ఇప్పుడు కాల్ కట్ చేయకుండా స్పీకర్ గుర్తు నొక్కమన్నాను. నొక్కిన క్షణం నుంచి ఆమె గొంతు బావిలో నుంచి వచ్చినట్టు అయిపోయింది. మళ్లీ స్పీకర్ ఆపితే మళ్లీ బాగుంది. అదే యాప్, అదే నెట్, అదే కాల్. మారింది మైకు ఒక్కటే. వాట్సాప్‌కు మైకు పర్మిషన్ లేకపోయి ఉంటే చెవి దగ్గర పెట్టుకున్నా వినిపించేది కాదు. నెట్ సమస్యయితే స్పీకర్ గుర్తుకూ దానికీ సంబంధం ఉండదు. ఆ తర్వాత మామూలు సిమ్ కాల్ చేయించి అందులోనూ స్పీకర్ ఆన్ చేయించాను. అక్కడా అదే గతి. సిమ్ కాల్‌లో వాట్సాప్ లేదు, డేటా లేదు. ఇక యాప్ గురించి ఆలోచించాల్సిన పని లేదు.

ఇక్కడ ఫలితం వేరేగా వచ్చి ఉంటే దారి కూడా వేరేగా ఉండేది. వాట్సాప్‌లో చెవి దగ్గర పెట్టుకున్నా మాట పోక, సిమ్ కాల్‌లో స్పీకర్ పెట్టినా బాగుంటే, అప్పుడు సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు మైక్రోఫోన్ పర్మిషన్ చూడాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి పైనుంచి లాగే మెనూలో మైకును మొత్తంగా ఆపేసే బటన్ కూడా ఉంటోంది. పిల్లలు ఆడుతూ దాన్ని నొక్కేస్తే యాప్‌లకు మాట బదులు నిశ్శబ్దమే అందుతుంది. అట్లాంటి ఫోన్లు వచ్చినప్పుడు డబ్బులు తీసుకోకుండా పంపించేస్తాను. ఇది ఆ రకం కాదు.

స్పీకర్ కాల్‌లో నేను ఇంకో సంగతి గమనించాను. ఇది పట్టుకుంటే సగం పని అయినట్టే. ఆమె మాట పూర్తిగా ఆగిపోలేదు. నేను మౌనంగా ఉన్నంతసేపూ ఆమె గొంతు సన్నగా, దూరంగా వినిపిస్తోంది. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే అది కూడా మాయం. నేను ఆపిన కాసేపటికి మళ్లీ సన్నగా మొదలవుతోంది. మైకు కరెంటు అందక చచ్చిపోతే ఇలా ఉండదు. అప్పుడు సన్నగా కూడా రాదు, లేదా ఉత్త గరగర వస్తుంది. ఇలా ఉందంటే మైకు బతికే ఉంది, దానికి గాలి దారి మూసుకుపోయింది అని నా అనుమానం.

ఎందుకంటే ఫోన్‌లో ఎకో తీసేసే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తుంటుంది. స్పీకర్‌కు పంపుతున్న శబ్దం ఏమిటో దానికి తెలుసు. మైకులో నుంచి అదే శబ్దం తిరిగి వస్తే కోసేస్తుంది. రంధ్రం తెరిచి ఉన్నప్పుడు మన మాట గాలిలో నుంచి గట్టిగా వస్తుంది, స్పీకర్ శబ్దం దానికంటే తక్కువగా వస్తుంది, కాబట్టి రెండింటినీ విడదీయడం సులువు. రంధ్రం మూసుకుపోతే మన మాట లోపలికి రాదు. స్పీకర్ అదురు మాత్రం ఫోన్ బాడీ గుండా మైకును చేరుతూనే ఉంటుంది. అప్పుడు మైకుకు అందేదంతా స్పీకర్ శబ్దమే అని ఆ ప్రోగ్రామ్ అనుకుని, మొత్తాన్నీ కోసేస్తుంది. అందుకే అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మన మాట బొత్తిగా పోదు. భార్యాభర్తలు మాట్లాడుకునేటప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడటం సహజం కదా, కాబట్టి ఆయనకు ఏమీ వినిపించట్లేదు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత పై మైకును విడిగా పరీక్షించాను. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో డయలర్‌లో ఈ కోడ్ కొడితే పరీక్షల మెనూ తెరుచుకుంటుంది, కాల్ బటన్ నొక్కక్కర్లేదు:

```
*#*#6484#*#*
```

అందులో కింది మైకుకూ పై మైకుకూ వేర్వేరు పరీక్షలు ఉంటాయి. మోడల్‌ను బట్టి వాటి పేర్లు కొంచెం మారతాయి. మనం మాట్లాడితే ఆ మైకు విన్నది మనకే తిరిగి వినిపిస్తుంది. కింది మైకు పరీక్షలో గొంతు బాగానే వచ్చింది, అయితే కొంచెం పల్చగా. ఆ సంగతి తర్వాత చెప్తాను. పై మైకు పరీక్షలో దాదాపు ఏమీ రాలేదు. కానీ ఫోన్ పై అంచు మీద గోటితో మెల్లగా గీస్తే గర్రు మని స్పష్టంగా వినిపించింది. అదురు చేరుతోంది, గాలి చేరడం లేదు. మైకు చచ్చిపోలేదన్న నా అనుమానం దాంతో గట్టిపడింది.

ఈ మెనూ లేని ఫోన్లయితే కెమెరాతో చిన్న వీడియో తీసి వినడం మంచి పరీక్ష. ఫోన్‌ను చేయంత దూరంలో పెట్టి మాట్లాడుతూ, మధ్యలో ఒకసారి పై రంధ్రం మీద వేలు పెట్టి తీయాలి. తర్వాత వింటే వేలు పెట్టిన చోట మాట తేడాగా ఉండాలి. ఏ తేడా లేకపోతే పై మైకు అప్పటికే వినడం లేదన్నమాట. ఐఫోన్‌లో లెక్క ఇంకొంచెం వేరు. అందులో కింద ఒకటి, ముందు చెవి స్పీకర్ దగ్గర ఒకటి, వెనుక కెమెరా దగ్గర ఒకటి ఉంటాయి. వాయిస్ మెమోస్‌లో రికార్డ్ చేస్తే కిందిది, సెల్ఫీ వీడియో తీస్తే ముందుది, వెనుక కెమెరాతో వీడియో తీస్తే వెనుకది తేలిపోతుంది.

ఇప్పుడు పై అంచు చూశాను. కవరు ముందే తీసేశాను. కవర్ల వల్ల వచ్చే కేసులు కూడా తక్కువేమీ కాదు, పక్క మోడల్ కవరు తొడిగితే రంధ్రం మీదికి సరిగ్గా ప్లాస్టిక్ వస్తుంది. ఈ ఫోన్ పై అంచున రెండు చుక్కలు ఉంటాయి. నల్లగా మెరిసే కొంచెం పెద్ద చుక్క టీవీ రిమోట్‌లా పనిచేసే ఐఆర్, పక్కనున్న చిన్న రంధ్రమే మైకుది. మైక్రోస్కోప్ కింద పెట్టాను. మంచి ఫోన్‌లో ఆ రంధ్రం అడుగున సన్నటి నల్లటి జాలీ కనిపిస్తుంది, నేత స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ జాలీ మసకగా ఉంది, దాని మీద లైటు పడితే గాజులా తళుక్కుమంది. దుమ్ము అలా మెరవదు. చొక్కా జేబులో నూగు కూడా మెరవదు. అది జిగురు పొర.

"డిస్‌ప్లే ఎప్పుడైనా మార్పించారామ్మా?" అని అడిగాను. ఆమె కొంచెం ఆలోచించి, "మార్పిచ్చినాం అన్నా. పగిలిపోతే మార్పిచ్చినాం. కానీ అప్పుడు బాగనే ఉండె" అంది. బాగుందని ఎట్లా తెలుసు, అప్పుడు వీడియో కాల్ చేశారా అంటే ఆమె మామ వైపు చూసింది. మామ నవ్వాడు. "అప్పుడు మావాడు ఇంట్లోనే ఉండె గదా నాయనా. సెలవులో వచ్చినాడు."

అదీ సంగతి. భర్త సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు డిస్‌ప్లే పగిలింది, అప్పుడే మార్చారు. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ వీడియో కాల్ అవసరమే రాలేదు. మిగతావాళ్లతో చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడే కాల్సే. ఆయన తిరిగి కువైట్ వెళ్లాక మొదటి వీడియో కాల్‌లో తేడా బయటపడింది. మధ్యలో నెలలు గడిచాయి కాబట్టి డిస్‌ప్లేకూ దీనికీ లంకె ఉందని ఎవరికీ తట్టలేదు, చార్జింగ్ బోర్డు మార్చిన షాపతనికీ చెప్పలేదు. కొత్త డిస్‌ప్లేను ఫ్రేమ్‌కు అతికించడానికి వాడేది బి-7000 లాంటి జిగురు. ట్యూబు నుంచి సన్నటి గీతలా అంచు చుట్టూ పెట్టాలి. పై అంచున అవసరం కంటే కొంచెం ఎక్కువ పెట్టి డిస్‌ప్లే అదిమి క్లిప్పులు వేస్తే, మిగిలింది ఎటు ఖాళీ ఉంటే అటు పోతుంది. అక్కడున్న ఖాళీల్లో మైకు దారి ఒకటి.

అసలు పని మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్లు చేయకూడని రెండు పనులు చెప్పాలి. రంధ్రంలో సూది, సిమ్ పిన్ను పెట్టి గుచ్చడం ఒకటి. లోపలుండే మైకు మెమ్స్ రకం, బియ్యపు గింజ కంటే చిన్న లోహపు డబ్బా. అందులో సిలికాన్ పొర ఒకటి కదులుతుంది, అదే మైకు. పిన్ను తగిలితే అది చిరిగిపోతుంది, ఇక మార్చడమే. రెండోది, కంప్రెసర్ గాలి లేదా స్ప్రే నేరుగా రంధ్రంలోకి కొట్టడం. గాలి ఒత్తిడికే ఆ పొర పగలొచ్చు, స్ప్రే అయితే జిగురునో మట్టినో కరిగించి మైకు లోపలికే నెట్టేస్తుంది. అప్పటిదాకా మూసుకుపోయిన మైకు అప్పుడు నిజంగానే చస్తుంది.

ఫోన్ ఆపి, సిమ్ ట్రే తీసి, వెనుక ప్లాస్టిక్ మూతను కొంచెం వేడి చేసి పలచటి ప్లాస్టిక్ పిక్‌తో లేపాను. పైన ఉన్న కవచం స్క్రూలు విప్పి ముందు బ్యాటరీ కనెక్టర్ తీశాను, ఆ తర్వాతే మిగతా కనెక్టర్లు. మెయిన్ బోర్డు పైకెత్తితే పై అంచు దగ్గర మైకు కనిపించింది. దాని మీద చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. ఫ్రేమ్‌లోని రంధ్రానికీ మైకుకూ మధ్య గొట్టంలా పనిచేసేది అదే. ఈ ఫోన్‌లో ఆ రబ్బరు ఒక పక్క చిరిగి ఉంది, ఫ్రేమ్ వైపు రంధ్రం చుట్టూ ఎండిన జిగురు పేరుకుని ఉంది. జాలీ సగం దాంట్లో మునిగిపోయింది.

ఇక్కడే తొందరపడకూడదు. జిగురు కనిపించింది కదా అని గీకేసి మూసేయడం కాదు. మైకు నిజంగా బతికే ఉందా అన్నది ఇంకా అనుమానమే, అది తేలకపోతే మూత మళ్లీ విప్పాల్సి వస్తుంది. బోర్డును ఫ్రేమ్‌లో బిగించకుండా పక్కన పెట్టి, డిస్‌ప్లే, పవర్ బటన్, బ్యాటరీ కనెక్టర్లు మాత్రం తగిలించి ఆన్ చేశాను. స్పీకర్ కింద బోర్డుకు ఉంటుంది కాబట్టి దాన్ని కలిపే పట్టీ లాంటి ఫ్లెక్స్ వైరు కూడా తగిలించాల్సి వచ్చింది. మళ్లీ అదే కోడ్, పై మైకు పరీక్ష. ఈసారి మైకు ముందు ఏ అడ్డూ లేదు. మాట్లాడితే నా గొంతు గంట కొట్టినట్టు తిరిగొచ్చింది. మైకు బాగుంది. టంకం కరిగించి మైకు ఊడదీసే హాట్ ఎయిర్ మిషన్ ముట్టుకోవాల్సిన పని లేదు. మెమ్స్ మైకు వేడికీ ఫ్లక్స్ పొగకూ ఓర్చుకోదు, కాబట్టి మార్చాల్సిన అవసరం లేదని తెలియడం నాకు పెద్ద ఊరట.

అప్పుడు కూడా ఏమీ రాకపోయి ఉంటే మల్టీమీటర్ తీయాలి. మైకుకు వచ్చే సరఫరా ఓల్టేజీ ఉందా, గ్రౌండ్ తెగిందా, ఔట్‌పుట్ గీత శబ్దం పని చూసే కోడెక్ ఐసీ దాకా వెళ్తోందా అని చూడాలి. సరఫరా ఉండి శబ్దం లేకపోతే మైకు మార్చడం, సరఫరా లేకపోతే దాని వెనుక ఉన్న చిన్న కెపాసిటర్లు, ఫిల్టర్లు చూడటం. నీళ్లలో పడిన ఫోన్లలో ఎక్కువగా ఆ దారే పట్టాల్సి వస్తుంది.

జిగురు తీయడం ఓపిక పని. బి-7000 ఎండితే రబ్బరులా సాగుతుంది, కాబట్టి దాన్ని కరిగించడం కంటే ఊడబీకడం మేలు. బోర్డు బయటే ఉంది కాబట్టి ఫ్రేమ్‌ను ఆ మూలలో కొంచెం వేడి చేసి, ట్వీజర్‌తో ఒక అంచు లేపి మెల్లగా చుట్టుకుంటూ లాగాను. పెద్ద ముక్క దారంలా వచ్చేసింది. మిగిలిన పొరను ఐపీఏ అనే శుభ్రం చేసే ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి బ్రష్‌తో లోపలి వైపు నుంచి రుద్దాను. అసిటోన్ అయితే ఇంకా త్వరగా పోతుంది, కానీ ఆ పక్కనే డిస్‌ప్లే అంచు, ప్లాస్టిక్ ఫ్రేమ్ ఉన్నాయి, రెండింటినీ అది తినేస్తుంది. పాత జాలీ పనికిరాలేదు. దాన్ని తీసేసి, పనికిరాని పాత బోర్డు ఫ్రేమ్ నుంచి తీసిన జాలీ ముక్క అతికించాను. జాలీ లేకుండా వదిలేస్తే శబ్దం ఇంకా బాగా వస్తుంది, కానీ మా ఎండాకాలం దుమ్ముకు ఎక్కువ కాలం నిలవదు.

అన్నీ బిగించి, మూత ఇంకా అతికించకుండా, మళ్లీ నా ఫోన్‌కు స్పీకర్ కాల్ చేయించాను. ఈసారి ఆమె మాట గట్టిగా, స్పష్టంగా వచ్చింది. అందరూ సంతోషపడ్డారు, నేను తప్ప. ఎందుకంటే నేను మాట్లాడిన ప్రతి మాటా అరక్షణం తర్వాత నాకే తిరిగి వినిపిస్తోంది. ఆమెకు ఈ తేడా తెలియదు, ఇక్కడ ఆమె చెవికి అంతా బాగుంది. కువైట్‌లో ఉన్న మనిషి మాత్రం రెండు నిమిషాల్లో విసుగెత్తి ఫోన్ పెట్టేస్తాడు.

దానికి కారణం చిరిగిన రబ్బరు తొడుగు. ఆ తొడుగు పని బయటి శబ్దాన్ని తీసుకురావడమే కాదు, లోపలి శబ్దాన్ని ఆపడం కూడా. స్పీకర్ మోగేటప్పుడు ఫోన్ డొల్ల లోపలంతా ఆ శబ్దం తిరుగుతుంది. తొడుగు బిగుతుగా ఉంటే అది మైకుకు చేరదు. చిరిగితే నేరుగా వచ్చేస్తుంది, ఎకో తీసే ప్రోగ్రామ్ దాన్ని పూర్తిగా పట్టలేక వదిలేస్తుంది. రంధ్రం మూసుకున్నప్పుడు మాట అవతలికి వెళ్లలేదు, తొడుగు చిరిగినప్పుడు ఎకో. ఒకే చోట రెండు వేర్వేరు జబ్బులు, మొదటిది పోతేనే రెండోది బయటపడింది. అదే మోడల్ పాత బోర్డు ఒకటి మా దగ్గర ఉంది, దాని తొడుగు తీసి వేశాను. అంచులు సమంగా కూర్చున్నాయా లేదా మైక్రోస్కోప్‌లో చూసుకుని బోర్డు మళ్లీ బిగించాను. ఇంకో మోడల్ రబ్బరును కోసి సర్దితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. ఎత్తు కొంచెం తగ్గినా సందు మిగిలిపోతుంది, ఎకో పోదు.

చివరి పరీక్షకు ఆమెను రోడ్డు వైపు నిలబెట్టాను, పక్కన ఆటోల రొద. నేను లోపల గదిలో తలుపు వేసుకున్నాను. సిమ్ కాల్‌లో స్పీకర్, వాట్సాప్ వీడియో, ముందు కెమెరా, వెనుక కెమెరా. ఇద్దరం కావాలని ఒకేసారి మాట్లాడాం. ఆమె మాట ఒకటి రెండు చోట్ల కొంచెం తగ్గింది గానీ ఆగలేదు, నా గొంతు నాకు తిరిగి రాలేదు. ఇద్దరూ కలిసి మాట్లాడినప్పుడు కొంచెం తగ్గడం కొత్త ఫోన్‌లో కూడా ఉంటుంది. మూతకు కొత్త టేపు వేసి అతికించి ఇచ్చాను. విప్పిన ఫోన్‌కు కంపెనీ ఇచ్చిన నీటి రక్షణ ఇక లెక్కలోకి రాదు కాబట్టి తడి చేతులతో పట్టుకోవద్దని చెప్పాను.

పని సాగుతుండగా సాయంత్రం అయింది. మాకూ కువైట్‌కూ రెండున్నర గంటల తేడా, ఆయన డ్యూటీ దిగేసరికి ఇక్కడ రాత్రవుతుంది. ఒకవేళ ఫోన్ ఆ రోజు తయారు కాకపోయి ఉంటే వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వీడియో కాల్ చేయమనేవాణ్ణి. ఇయర్‌ఫోన్స్ తగిలిస్తే ఫోన్ పై మైకు, కింది మైకు రెండూ పక్కకు తప్పుకుంటాయి, వైరుకున్న మైకు పనిచేస్తుంది. రిపేరుకు డబ్బుల్లేనివాళ్లు ఇలాగే నెట్టుకొస్తుంటారు, అందులో తప్పేమీ లేదు.

ఇక కింది మైకు గొంతు పల్చగా ఉందన్న సంగతి. మార్చిన చార్జింగ్ బోర్డు కంపెనీది కాదు, డూప్లికేట్. దాని మీద మైకు పనిచేస్తుంది గానీ కంపెనీ మైకంత గట్టిగా పట్టదు. ఫాస్ట్ చార్జింగ్ కూడా ఆగిపోయిందని ఆమె అప్పుడు చెప్పింది, రాత్రంతా పెట్టినా నిండటం లేదనీ, అది చార్జర్ తప్పేమో అనుకున్నామనీ. పాత బోర్డు ఉంటే తీసుకురండి, వేస్తాను అన్నాను. ఆ షాపులోనే వదిలేశారట. మామ అక్కడికక్కడే లేచి అడిగొస్తానని వెళ్లాడు, దొరకలేదని తిరిగొచ్చాడు. ఒరిజినల్ బోర్డు తెప్పించవచ్చు గానీ దానికి ఇంకో ఖర్చు. మామూలు కాల్‌లో అందరికీ వినిపిస్తోంది కదా, చార్జింగ్ సంగతి జీతం పంపినాక చూద్దాం అంది ఆమె.